మూడు పేర్లు మిగిలాయి, ఇప్పుడు ఎవర్ని అడగాలి? ఫ్రెండ్స్‌నా, కస్టమర్లనా, సర్వే పెట్టాలా

మా వదిన నిజాంపేట్‌లో వాళ్ల ఫ్లాట్‌లోనే కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం చేసి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్లకి అమ్ముతుంది. రెండేళ్లు పేరు లేకుండానే నడిచిపోయింది, "మూడో ఫ్లోర్ ఆంటీ పొడులు" అంటే సరిపోయేది. కొండాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ వాళ్లు వీకెండ్ స్టాల్ ఇస్తామన్నాక లేబుల్ మీద ఏదో ఒక పేరు వేయాలి కదా అని ఇంటిల్లిపాదీ కూర్చుంటే నలభై పేర్లు వచ్చి, కొట్టేసి కొట్టేసి మూడు మిగిలాయి: కుంపటి, పొడిపొట్లం, అమ్మమ్మ కారం.

అక్కడితో అసలు గొడవ మొదలైంది. అన్నయ్య వెంటనే ఫ్యామిలీ గ్రూప్‌లో వాట్సాప్ పోల్ పెట్టేశాడు. అమ్మమ్మ కారం 18, పొడిపొట్లం 14, కుంపటి 5. "అయిపోయింది, అమ్మమ్మే" అన్నాడు. ఏమీ అయిపోలేదు. ఆ తర్వాత నెల రోజులు మేం చేసిన టెస్టుల్లో ఆ పోల్‌కి పూర్తి అడ్డంగా ఉన్న సంగతులు బయటపడ్డాయి. మీరు కూడా మూడు నాలుగు పేర్ల దగ్గర ఇరుక్కుని ఉంటే ఏ దారిలో ఏం తెలుస్తుందో, ఏం తెలీదో రాస్తున్నా.

ఒక చిన్న మాట ముందే. ఎవర్నైనా అడిగే ముందు ఐపీ ఇండియా సైట్‌లో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ చేసేయండి, పొడులకి క్లాస్ 30, పచ్చళ్లకి క్లాస్ 29, కర్రీ పాయింట్, హోటల్ లాంటివైతే క్లాస్ 43. అందులో స్పెల్లింగ్‌తో వెతికేది ఒకటి, పలికే తీరుతో వెతికేది ఒకటి ఉంటాయి, రెండోది తప్పకుండా చేయాలి. వాడలేని పేరుని వందమందికి చూపించి ఓట్లు వేయించుకుంటే తర్వాత ఏడుపే మిగుల్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది: అసలు ఏం తెలుసుకోవాలి

"ఏ పేరు నచ్చింది?" అనేది అన్నిటికంటే తేలిక ప్రశ్న, అన్నిటికంటే పనికిరాని ప్రశ్న కూడా. ఎందుకంటే కస్టమర్ ఎప్పుడూ మూడు పేర్లు పక్కపక్కన పెట్టుకుని చూడడు, ఒకటే చూస్తాడు, అది కూడా వేరే పనిలో ఉండి. పైగా తెలిసిన మాటలకి జనం ముందే మొగ్గుతారు. ఏదైనా పదేపదే చూస్తుంటే చాలు దానిమీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే సైకాలజిస్టు 1968లోనే చూపించాడు, కాబట్టి కొత్త పేరుకి మొదటి రోజు ఓట్లు తక్కువ పడటం మామూలే.

మేం చివరికి నాలుగే చూశాం. విన్నవాళ్లు తప్పు లేకుండా టైప్ చేయగలరా. వినగానే ఏం గుర్తొస్తుంది, అందులో చెడ్డది ఏమైనా ఉందా. రెండు రోజుల తర్వాత గుర్తుంటుందా. చేతిలోంచి డబ్బులు తీసే టైమ్‌లో ఏమైనా తేడా వస్తుందా. ఈ నాలుగూ ఒకే మనుషుల దగ్గర దొరకవు, అందుకే ఫ్రెండ్స్ వర్సెస్ కస్టమర్స్ అని కొట్టుకోవడం కంటే ఏ ప్రశ్న ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి అని ఆలోచిస్తే తొందరగా తేలుతుంది.

ఫ్రెండ్స్, చుట్టాలు

ఫ్రీ, సాయంత్రానికల్లా అయిపోతుంది. కానీ అభిప్రాయం అడగడానికి వీళ్లంత పనికిరాని వాళ్లు ఇంకెవరూ లేరు. వదిన వంట వాళ్లకి తెలుసు, వదినంటే ఇష్టం, కాబట్టి ఏ పేరు చెప్పినా "సూపర్ ఉంది" అంటారు. ఇక వాట్సాప్ గ్రూప్ పోల్‌లో ఎవరు దేనికి వేశారో అందరికీ కనిపిస్తుంది, పెద్దమామయ్య అమ్మమ్మ కారానికి వేశాక ఇంకో పదిమంది అటే వెళ్లారు, నేను టైమ్ చూస్తూనే ఉన్నా. అది 37 ఓట్లు కాదు, ఒక మామయ్య ఓటు, దాని వెనక లైను.

మరి ఫ్రెండ్స్ దేనికి పనికొస్తారంటే, చెవికి. అంటే అభిప్రాయం అడక్కుండా పని చేయించుకోవడానికి. నేను పన్నెండు మందికి ఫోన్ చేసి, వేరే కబుర్ల మధ్యలో మూడు పేర్లూ ఒక్కొక్కసారే పలికి, "ఇన్‌స్టాలో వెతకాలంటే ఎలా కొడతావో నాకు టైప్ చేసి పంపు" అన్నాను. స్పెల్లింగ్ చెప్పలేదు, రెండోసారి పలకలేదు. ఎవరికి ఏ పేరు ముందు చెప్పాలన్నది కూడా మార్చుకుంటూ పోయాను.

కుంపటికి తొమ్మిది మంది kumpati అనే కొట్టారు, ఇద్దరు kumpathi, ఒకరు kumpatti. పొడిపొట్లానికి వచ్చినవి చూస్తే నవ్వొచ్చింది: podipotlam, podi potlam, podi pottlam, podipotlaam, podi potlum... పన్నెండు మందికి ఏడు రకాలు. అమ్మమ్మ కారానికి అమ్మమ్మలో ఎన్ని m లు అన్న దగ్గరే సగం మంది తడబడ్డారు, మిగతావాళ్లు karam, kaaram అని రెండు గుంపులయ్యారు. మా ఆఫీసులో ఒక హిందీ అమ్మాయికి ఆ karam రాసి చూపిస్తే "కరమ్" అని చదివింది, అంటే వాళ్ల భాషలో మన ఖర్మ లాంటిదే. "అమ్మమ్మ ఖర్మ" అని ఆ రోజంతా ఇంట్లో ఒకటే నవ్వులు.

తెలుగు పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో వెతుక్కునే ఊరు మనది, కాబట్టి త/థ, ద/ధ, దీర్ఘాలు, ఒత్తులు ఉన్న పేరుకి ఈ టెస్ట్ తప్పనిసరి. డజను మందితోనే తేలిపోతుంది ఎందుకంటే ఇక్కడ మనం శాతాలు లెక్కపెట్టట్లేదు, ఎన్ని రకాల తప్పులు వస్తాయో చూస్తున్నాం. రెండు మూడు స్పెల్లింగులే వస్తే వాటన్నిటికీ ఇన్‌స్టా హ్యాండిల్ ముందే తీసిపెట్టుకోవచ్చు, ఏడు వస్తే ఎన్నని తీసిపెట్టుకుంటాం.

ఉన్న కస్టమర్లు, కొత్త కస్టమర్లు

ఇందులో కష్టం ఎక్కువ, నిజం కూడా ఎక్కువ. ఒక జాగ్రత్త: పాత కస్టమర్లకి పేరుతో పనిలేదు, పొడి రుచి తెలుసు కాబట్టి పేరు ఏం పెట్టినా కొంటారు. అందుకే వాళ్లని "నచ్చిందా" అని అడగలేదు, గుర్తుందా అని అడిగాం.

24 మందికి చిన్న శాంపిల్ కవర్లు ఇచ్చాం, ఒక్కో పేరు ఎనిమిది మందికి, ఒక మనిషికి ఒకే పేరు. ఇచ్చేటప్పుడు పేరు ఒక్కసారి పలికి వచ్చేయడమే. రెండు రోజుల తర్వాత వదిన ఆర్డర్ కోసం ఫోన్ చేసినప్పుడు "మొన్న ఇచ్చినదాని మీద పేరేముందో గుర్తుందా అండీ" అని అడిగింది. కుంపటి ఎనిమిదిలో ఆరుగురు చెప్పారు, పొడిపొట్లం ఐదుగురు, అమ్మమ్మ కారం ఇద్దరే. మిగతా ఆరుగురూ ఏమన్నారనేదే అసలు విషయం: "నానమ్మ కారం", "అమ్మ చేతి కారం", "అమ్మమ్మ వంటిల్లు అనుకుంటా". అంటే మర్చిపోలేదు, వేరేవాళ్ల పేర్లతో కలిపేసుకున్నారు. హైదరాబాద్‌లో అమ్మమ్మ, నానమ్మ, అమ్మ పేర్లతో ఇన్ని తిండి బ్రాండ్లు, టిఫిన్ సెంటర్లు ఉన్నప్పుడు మన ప్రచారం డబ్బులు పక్కవాడికి వెళ్లిపోతాయన్నమాట. పోల్‌లో ఫస్ట్ వచ్చిన పేరు ఇది.

ఆరు, ఐదు మధ్య తేడా అసలు తేడానే కాదు, ఆ మాట కూడా చెప్పాలి. ఎనిమిది మందిలో ఒక్క మనిషి అటూ ఇటూ అయితే ఆ తేడా పోతుంది. ఆరు, రెండు కూడా లెక్కగా చూస్తే గట్టి రుజువేం కాదు. కానీ ఆరు తప్పులూ ఒకే రకంగా రావడం చూశాక నాకు అంకె అవసరం అనిపించలేదు.

ఇంకోటి కూడా ఈ శాంపిల్స్ వల్లే తెలిసింది. కుంపటి కవర్ అందుకున్న వాళ్లలో కాస్త పెద్దవయసు ఆడవాళ్లు ముగ్గురు, ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు, ఒకటే మాట అన్నారు. "గుండెల మీద కుంపటి" అని. పక్కింటి పెద్దావిడ అయితే "గిదేం పేరు పెట్టినవమ్మా, ఇంట్ల పెండ్లి కాని పిల్లుంటే అనేటి మాట గది" అని మొహం మీదే చెప్పింది. ఫ్యామిలీ గ్రూప్‌లో 37 మందిలో ఒక్కరి నోటి నుంచి ఈ మాట రాలేదు, తట్టక కాదు, వదిన బాధపడుతుందని.

పేరు మీద డబ్బులు పడతాయా అన్నది చూడాలంటే స్టాల్ ఒకటే దారి. ఒకే కందిపొడి, ఒకే రేటు, ఒకే సైజు డబ్బా, మీద లేబుల్ మాత్రం రెండు పేర్లతో. ఇందులో అందరూ చేసే తప్పు ఒకటుంది, ఒక పేరుని ఎప్పుడూ ముందు వరసలో పెట్టేస్తారు, ముందున్నదాన్నే జనం తీస్తారు, దాన్ని పేరు గొప్పదనం అనుకుంటారు. మేం ప్రతి అరగంటకీ కుడి ఎడమలు మార్చాం. "రెండిటికీ తేడా ఏంటండీ" అని అడిగినవాళ్లకి ఒకటేనని నిజం చెప్పేశాం, వాళ్లని లెక్కలోంచి తీసేశాం.

క్విక్ సర్వే

మనల్ని ఎరగని వాళ్లు కావాలంటే సర్వేనే. మొదటి ఆలోచన ఏ పేరుకి ఎన్ని ఓట్లు అనే కదా, ఆ పని చేయొద్దు. సర్వే ఎందుకు బావుంటుందంటే వినగానే ఏం తోచిందో మొహమాటం లేకుండా రాస్తారు కాబట్టి.

గూగుల్ ఫామ్‌లో మొదటి ప్రశ్న మీరు పుట్టిన నెల ఏది, జనవరి-ఏప్రిల్, మే-ఆగస్టు, సెప్టెంబర్-డిసెంబర్ అని పెట్టి, Go to section based on answer ఆన్ చేస్తే ఒక్కో గుంపుకి ఒక్కో పేరు మాత్రమే కనపడుతుంది, పెద్ద ఖర్చు లేకుండా మనుషుల్ని మూడు భాగాలు చేసినట్టు. తర్వాత రెండే ప్రశ్నలు, రెండూ ఖాళీ గడిలో రాసేవి: ఈ పేరున్న చోట ఏం అమ్ముతారనుకుంటున్నారు? ఈ పేరు వినగానే ఇంకేమైనా గుర్తొచ్చిందా? పొడులు అనే మాట ఫామ్‌లో ఎక్కడా రాకూడదు, టైటిల్‌లో కూడా. ఆప్షన్లు ఇచ్చే ప్రశ్న ఏదైనా పెట్టక తప్పకపోతే Shuffle option order ఆన్ చేయండి, లేకపోతే పైనున్నదానికి ఊరికే ఓట్లు పడతాయి.

మాకు 66 జవాబులు వచ్చాయి. అమ్మమ్మ కారం చూసిన 23 మందిలో 21 మంది పచ్చళ్లు, పొడులు అనే రాశారు. పొడిపొట్లం 22 మందిలో 15 మంది మసాలా, పొడులు అన్నారు, నలుగురికి ముక్కుపొడి గుర్తొచ్చింది, ఇద్దరు కుర్రాళ్లు గంజాయి పొట్లం అని రాసి నవ్వు బొమ్మలు పెట్టారు. కుంపటి చూసిన 21 మందిలో 9 మంది తందూరీ, బిర్యానీ హోటల్ అనుకున్నారు, ముగ్గురికి ఆ మాటకి అర్థమే తెలీదు.

ఇక్కడ చూడండి, గుర్తుండటంలో ఫెయిలైన పేరు అర్థం కావడంలో ఫస్ట్ వచ్చింది. ఇది మా ఒక్కళ్ల కేసు కాదు, ఏం అమ్ముతున్నామో చెప్పేసే పేరు తొందరగా అర్థమవుతుంది, తొందరగా గుంపులో కలిసిపోతుంది, ట్రేడ్‌మార్క్ దగ్గర కూడా సరుకుని వర్ణించే మాటలకి 1999 చట్టంలో సెక్షన్ 9 అడ్డం పడుతుంది.

| | ఫ్రెండ్స్ | కస్టమర్లు | క్విక్ సర్వే |
|---|---|---|---|
| బాగా తేలేది | పలకడం, స్పెల్లింగ్ | గుర్తుండటం, కొనడం, పెద్దవాళ్ల అభ్యంతరాలు | వినగానే తోచే అర్థం, వెకిలి అర్థాలు |
| అస్సలు తేలనిది | నచ్చిందా లేదా | కొత్తవాళ్లు పేరు చూసి వస్తారా (పాతవాళ్లని అడిగితే) | డబ్బులు పెడతారా |
| ఎంతమంది | 10-12 | పేరుకి 8-10, స్టాల్‌లో 30 పైన | పేరుకి 20 పైన |
| ఎంత టైమ్ | ఒక సాయంత్రం | రెండు మూడు వారాలు | మూడు నాలుగు రోజులు |
| ఎక్కడ మోసపోతాం | మొహమాటం, పెద్దల వెనక లైను | ముందు వరసలో ఉన్న డబ్బా | మన ఏరియా వాళ్లే నింపడం |

మీ పరిస్థితిని బట్టి

ఇంట్లోంచి అమ్మేవాళ్లయితే, ఆర్డర్లన్నీ ఫోన్లోనే వస్తాయి కాబట్టి స్పెల్లింగ్ టెస్ట్, రెండ్రోజుల గుర్తు టెస్ట్ చాలు, సర్వే మానేసినా నష్టం లేదు. రోడ్డు మీద బోర్డు పెట్టే షాపు అయితే తిరగేసి చెప్తా, మీకు సర్వేనే ముఖ్యం, ఎందుకంటే బండి మీద వెళ్లేవాడికి రెండు సెకన్లలో అక్కడ ఏం దొరుకుతుందో తెలియాలి, కుంపటి అని బోర్డు పెట్టి లోపల పొడులు అమ్మితే బిర్యానీ అడిగేవాళ్లకి సమాధానం చెప్పుకుంటూ కూర్చోవాలి. మా వదినకి అది సమస్య కాలేదు, డబ్బా మీద పేరు కింద కందిపొడి అని ఎలాగూ ఉంటుంది. ఇక కొండాపూర్, గచ్చిబౌలి లాంటి చోట్ల అమ్మేవాళ్లు తెలుగు రానివాళ్లతో తప్పకుండా ఒకసారి చదివించండి, అయిదుగురు చాలు. ఇంకా కస్టమర్లే లేని కొత్తవాళ్లు రైతు బజార్ లాంటి చోట నిలబడి అపరిచితులకి శాంపిల్స్ ఇవ్వడం కష్టంగా అనిపిస్తే సర్వేతో సరిపెట్టుకోండి గానీ ఫ్రెండ్స్ పోల్‌ని మాత్రం కస్టమర్ల మాటగా లెక్కేయొద్దు.

అంకెల్ని ఎలా చదవాలి

18-14 మీద అన్నయ్యతో నాకు పెద్ద వాదనే అయింది. నాణెం తీసి 32 సార్లు ఎగరేస్తే 18-14 గానీ అంతకంటే ఎక్కువ తేడా గానీ పదిసార్లలో దాదాపు ఆరుసార్లు వస్తుంది. అంటే రెండు పేర్లు సరిసమానమైనా ఇలాంటి స్కోరు ఊరికే పడుతుంది. రెండు పేర్ల మధ్య 30 మందిని అడిగితే 20-10 కూడా అనుమానమే, పదిసార్లలో ఒకసారి ఉత్తి అదృష్టంతో వస్తుంది, 21-9 వస్తేనో అంతకు మించితేనో నమ్మొచ్చు. వందమందైతే 60-40 దాటాలి. ఈ మూడు గుర్తుంటే చాలు, ఫార్ములాలు అక్కర్లేదు. అయినా ఇదంతా ఎవరికి వారు వేసిన ఓట్ల లెక్క, మామయ్యని చూసి వేసినవాటికి ఈ లెక్క కూడా పనిచేయదు.

అభ్యంతరాల లెక్క వేరు. మంచి మాటలు ఎన్ని అని చూసుకోవాలి గానీ చెడ్డ అర్థం ఒకదానికొకటి సంబంధం లేని ముగ్గురి నోట వచ్చిందంటే దాన్ని శాతంగా మార్చకూడదు, నిజమేనని ఒప్పుకోవాలి. తర్వాత చూడాల్సింది అది వాడకంలో ఎంత అడ్డం అవుతుందనే. అందుకే వదిన కుంపటి బొమ్మ, దానిమీద బూరెలమూకుడు వేయించి లేబుల్ చేసి ఇంకో పదిమంది పెద్దవాళ్లకి చూపించింది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. బొమ్మ చూశాక మనసు వంట మీదకి పోయినట్టుంది. అలాగని సంబరపడలేదు. పదిమందిలో సున్నా అంటే మొత్తం జనంలో సున్నా కాదు, దీనికో మోటు లెక్క ఉంది, 3ని మీరు అడిగినవాళ్ల సంఖ్యతో భాగించండి, పదిమందికి 3/10, అంటే నూటికి ముప్ఫై మంది దాకా అలా అనుకునేవాళ్లు ఇంకా ఉండొచ్చు. 30 మందిని అడిగి సున్నా వస్తే ఆ ముప్ఫై పదికి దిగుతుంది.

చివరికి అమ్మమ్మ కారాన్ని తీసేసి కుంపటి, పొడిపొట్లం డబ్బాలతో స్టాల్‌లో రెండు వారాంతాలు నడిపాం. లెక్కలోకి వచ్చిన కొనుగోళ్లు 30, కుంపటి 17, పొడిపొట్లం 13. పైన చెప్పినదాని ప్రకారం ఇది టై. అన్నయ్య "గెలిచింది కదా" అన్నాడు, లేదు, టై అంటే కొనే దగ్గర పేరు వల్ల పెద్ద తేడా పడట్లేదనే, అప్పుడు మిగతా టెస్టుల్లో ఎక్కడ తేడా గట్టిగా ఉందో అక్కడ తేల్చుకోవాలి. ఏడు స్పెల్లింగులు, ముక్కుపొడి, గంజాయి ఒకవైపు. మూడు స్పెల్లింగులు, గుండెల మీద కుంపటి ఇంకోవైపు. వదిన ఒక సాయంత్రం ఆలోచించి, ఫోన్లో రెండోసారి చెప్పాల్సిన అవసరం లేని పేరే కావాలి అని కుంపటి ఖాయం చేసింది. లేబుళ్లు మాత్రం మొదట రెండొందలే వేయించింది.

పక్కింటి పెద్దావిడ ఇప్పుడు నెలకి అరకిలో నల్లకారం తీసుకెళ్తుంది. కూతురి అత్తగారింటికి పంపేదైతే మాత్రం "పేరు లేని డబ్బాల ఇయ్యమ్మా" అంటుంది, వదిన అలాగే ఇస్తుంది.